గ్రేడు రంగుకే, కంప్రెసరుకు కాదు

జంగారెడ్డిగూడెం: ఇక్కడి బస్టాండు వద్ద పెరుగు అమ్ముకునే ఒక మహిళ బాగుచేసి అమ్మే పాత ఫ్రిజ్ ఒకదానిని ఆన్‌లైన్‌లో రూ. 7,500కు తెప్పించుకున్నారు. ‘ఎ’ గ్రేడు అని ఉండడంతో కొత్తదానితో సమానమని ఆమె భావించారు. గ్రేడు సాధారణంగా గీతలు, సొట్టల లెక్కే తప్ప కంప్రెసరు ఎన్నేళ్లు తిరిగిందో చెప్పదని, పైగా ఒక్కో అమ్మకందారుది ఒక్కో కొలత అని స్థానిక మెకానిక్ ఒకరు తెలిపారు.

బండి రాగానే ఆమె కుమారుడు ఓటీపీ చెప్పేయలేదు. ముందు అట్టపెట్టె విప్పించి, సెల్‌ఫోనులో వీడియో తీశాడు. స్టిక్కరు మీది సీరియల్ నంబరును బిల్లుతో సరిచూశాడు. తలుపు సందులో కాగితం పెట్టి లాగితే ఒక మూల పట్టులేకుండా జారివచ్చింది. అక్కడ రబ్బరు వదులైందన్న మాట. చల్లదనం నిలవదు, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఈ లోపం కూడా వీడియోలో పడింది.

చల్లదనం పరీక్ష మాత్రం గుమ్మంలో సాధ్యం కాదు. పడుకోబెట్టి తెస్తే కంప్రెసరు నూనె గొట్టాల్లోకి చేరుతుంది. అందుచేత నిలబెట్టి ఆ రాత్రంతా ఉంచి, మరునాడు స్విచ్ వేశారు. సాయంత్రానికి పై అరలోని నీళ్లు గడ్డకట్టాయి.

వారంటీ కాగితం చూస్తే ఆరు నెలల హామీ కంప్రెసరుకే. గ్యాసు, రబ్బరు అందులో లేవు. అయితే రబ్బరు వచ్చిననాడే వదులుగా ఉన్నదని వీడియో జతచేసి ఫిర్యాదు పెట్టారు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేనియెడల 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆమెకు ఆ అవసరం పడలేదు. తొమ్మిదో రోజున మనిషి వచ్చి రబ్బరు మార్చి వెళ్లాడు.