వెనక ఒకడు ఖాళీగా ఉంటే

1960లలో ఇటలీలోని ఇంటర్ మిలాన్ జట్టుకు అర్మాండో పిక్కి కెప్టెన్. డిఫెండరే అయినా అతను కాపలా కాయాల్సిన ప్రత్యర్థి అంటూ ఎవరూ లేరు. మిగతా డిఫెండర్లకు తలా ఒక ఫార్వర్డ్‌ను అప్పగించేవారు. ఆ ఫార్వర్డ్ ఎటు పోతే అటు వెంటపడడమే వాళ్ల పని. పిక్కి వాళ్లందరి వెనక, గోల్‌కీపర్‌కు ముందు ఒంటరిగా తిరిగేవాడు. ఎవరైనా ఒక డిఫెండర్‌ను దాటుకుని వస్తే ఎదురయ్యేది పిక్కియే. గల్లీ క్రికెట్‌లో వికెట్ కీపర్ వెనక లాంగ్‌స్టాప్‌ను పెట్టుకుంటామే, దాదాపు అలాంటి కొలువు. ఇతన్ని స్వీపర్ అంటారు, ఇటలీలో లిబెరో. ఈ పద్ధతి మొత్తానికి పేరు కాటెనాచో.

దీన్ని కనిపెట్టింది ఇంటర్ కాదు. 1930లలోనే స్విట్జర్లాండ్‌లో కార్ల్ రప్పన్ అనే ఆస్ట్రియా కోచ్ ఇలాంటి ఏర్పాటు చేశాడు. ఆ జట్టు 1938 ప్రపంచకప్‌లో జర్మనీని ఇంటికి పంపింది. యుద్ధం తర్వాత ఇటలీలో నెరెయో రోక్కో ఇదే దారిలో త్రియెస్తీనా అనే చిన్న జట్టును 1947-48 లీగ్‌లో రెండో స్థానం దాకా తీసుకెళ్లాడు. అంతకుముందు ఏడాది ఆ జట్టుది అట్టడుగు స్థానం. మొదట్లో ఇది బలహీనులు బతికి బట్టకట్టే ఉపాయమన్నమాట.

ఉపాయానికి ఖరీదు కూడా ఉంది. ఒకణ్ని వెనక ఖాళీగా ఉంచితే ముందు ఒకడు తగ్గుతాడు. దాంతో అవతలి డిఫెండర్లలో ఒకరిద్దరికి పట్టించుకునేవాళ్లు ఉండరు. వాళ్లు ధైర్యంగా ముందుకొస్తారు. వాళ్లు ముందుకొచ్చిన కొద్దీ వాళ్ల వెనక ఖాళీ మైదానం పెరుగుతుంది. ఎదురుదాడి పుట్టింది ఆ ఖాళీలోనే.

1960లో ఇంటర్ కోచ్‌గా వచ్చిన హెలెనియో హెరేరా ఆ ఖాళీని వాడుకోవడానికే మనుషులను ఎంచుకున్నాడు. బార్సిలోనా నుంచి లూయిస్ సువారెజ్‌ను తెచ్చాడు. బంతి చేజిక్కగానే సువారెజ్ ఒకే పొడవాటి పాస్‌తో మైదానం సగం దాటించేవాడు. దాన్ని అందుకోవడానికి కుడివైపు జైర్, మధ్యలో మజ్జోలా పరుగు మొదలుపెట్టి ఉండేవారు. ఎడమవైపు కథ ఇంకా బాగుంటుంది. అక్కడ వింగర్‌గా ఆడే కోర్సో మాటిమాటికీ లోపలికి జరిగిపోయేవాడు. ఆ ఖాళీ దారిలో లెఫ్ట్ బ్యాక్ ఫక్కెట్టి దూసుకొచ్చేవాడు. డిఫెండర్ అంత దూరం వెళ్తే వెనక ఎవరు చూస్తారు? పిక్కి ఉన్నాడు. 1965 యూరోపియన్ కప్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో లివర్‌పూల్ చేతిలో 3-1తో ఓడిన ఇంటర్, సొంతగడ్డపై 3-0తో గెలిచినప్పుడు మూడో గోలు ఫక్కెట్టిదే. 1964లోనూ 1965లోనూ ఆ కప్పు ఇంటర్‌దే. ఆటను చంపేశారని హెరేరాను తిట్టినవాళ్లు ఫక్కెట్టిని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది.

అయితే తిట్లలో సగం నిజం ఉంది. అది 1967 మే 25న లిస్బన్‌లో బయటపడింది. ఫైనల్లో ఇంటర్ ఎదుట స్కాట్లాండ్ జట్టు సెల్టిక్. ఏడో నిమిషంలోనే సెల్టిక్ రైట్ బ్యాక్ క్రెయిగ్ చేసిన ఫౌల్‌కు పెనాల్టీ వచ్చింది, మజ్జోలా గోలు చేశాడు. ఇంటర్ ఇక వెనక్కి చేరి తలుపులు మూసుకుంది. కానీ గాయంతో సువారెజ్ ఆడలేదు. బంతి దొరికినా దాన్ని దూరం పంపే మనిషి లేక, అది మళ్లీ సెల్టిక్ కాళ్ల దగ్గరికే చేరింది. సెల్టిక్ ఫార్వర్డ్‌లు అటూఇటూ జరుగుతూ తమ కాపలాదారులను వెంట తిప్పారు. తెరుచుకున్న జాగాలోకి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ వచ్చారు. వాళ్లను చూసుకోమని ఇంటర్ డిఫెన్స్‌లో ఎవరికీ అప్పగించలేదు. 63వ నిమిషంలో అదే క్రెయిగ్ బంతిని అందించగా, లెఫ్ట్ బ్యాక్ జెమ్మెల్ పెనాల్టీ బాక్స్ అంచు నుంచి బాదేశాడు. అంత దూరం నుంచి వచ్చే షాట్‌కు వెనక నిలబడిన స్వీపర్ చేయగలిగింది లేదు. 84వ నిమిషంలో చామర్స్ రెండో గోలుతో సెల్టిక్ 2-1తో గెలిచింది.

స్వీపర్ పదవి ఆ రోజుతో పోలేదు. 1982 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ లిబెరో షిరేయా ఏకంగా జర్మనీ పెనాల్టీ బాక్స్ దాకా వెళ్లి, టార్డెల్లి గోలుకు పాస్ ఇచ్చాడు. ఆ పదవికి అసలు గండి ఆఫ్‌సైడ్ ఎత్తుగడతో పడింది. 1980ల చివర్లో ఏసీ మిలాన్ కోచ్ అరిగో సాకీ డిఫెండర్లు నలుగురినీ ఒకే వరుసలో నిలిపి, అందరినీ కలిసి ముందుకు నడిపించాడు. అలా చేస్తే వెనక చిక్కిన ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ అవుతాడు. అలాంటి వరుసకు వెనక ఒక స్వీపర్ నిలబడ్డాడంటే ఫార్వర్డ్‌లను తనే ఆఫ్‌సైడ్ నుంచి కాపాడినట్టు.

స్వీపర్ పోయినా ఎదురుదాడి పోలేదు. 2010లో మొరిన్హో శిక్షణలో ఇంటర్ మళ్లీ యూరప్ ఫైనల్ ఆడింది, స్వీపర్ లేకుండా. బాయెర్న్ మ్యూనిక్ మీద మొదటి గోలు ఎలా వచ్చిందంటే, గోల్‌కీపర్ జూలియో సీజర్ బంతిని దూరంగా తన్నాడు, మిలీటో తలతో స్నైడర్‌కు దించాడు, స్నైడర్ తిరిగి మిలీటో ముందుకు పంపాడు. మిలీటో గోలు కొట్టేసరికి బాయెర్న్ డిఫెండర్లు ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉన్నారు.