తలుపు జారితే పట్టీ ఏం చేస్తుంది?

షవర్ చుట్టూ గాజు తలుపు పెట్టించుకున్న ఇళ్లలో రెండు మూడేళ్లకు వినిపించే ఫిర్యాదు ఒక్కటే: స్నానం చేసి బయటికొస్తే నేలంతా తడి. వెంటనే అందరి చూపూ తలుపు అడుగున పసుపుబారిన ప్లాస్టిక్ పట్టీ మీద పడుతుంది. దాన్ని పీకి కొత్తది తొడుగుతారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే తడి. అప్పుడు సిలికాన్ ట్యూబు తెచ్చి కనిపించిన సందునల్లా పూసేస్తారు. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులుగా ఉంది. పట్టీ పాడవడం చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం. అసలు జబ్బు తలుపును మోసే హింజ్ దగ్గరో, రోలర్ దగ్గరో ఉంటుంది.

ముందు ఆ పట్టీ చేసే పనేమిటో చూద్దాం. నీళ్లు నిలిస్తే అది ఆపలేదు. తలుపు మీద నుంచి జారే నీటిని లోపలికి మళ్లించడమే దాని పని. తలుపు అడుగు పట్టీని చేతిలోకి తీసుకుంటే రెండు రెక్కలు కనిపిస్తాయి. ఒకటి నిటారుగా కిందికి దిగి గట్టును తాకుతుంది. రెండోది ఏటవాలుగా ఒక పక్కకు వాలి ఉంటుంది. ఈ వాలు రెక్క షవర్ వైపు ఉండాలి. గాజు మీద కారిన నీళ్లు దాని మీదుగా లోపలి నేల మీద పడతాయి. తిరగేసి తొడిగితే అవే నీళ్లు చక్కగా బయటికి నడుస్తాయి. కొత్త పట్టీ వేసినా కారుతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక బరువు సంగతి. గాజు ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. కూకట్‌పల్లిలో మా అక్క వాళ్ల ఫ్లాట్‌లో తలుపు 70 సెంటీమీటర్ల వెడల్పు, 190 సెంటీమీటర్ల ఎత్తు, 8 మిల్లీమీటర్ల మందం. లెక్కేస్తే దాదాపు 27 కిలోలు. అంత బరువూ గోడకు బిగించిన రెండు హింజ్‌ల మీద వేలాడుతోంది. హింజ్ గాజును రెండు లోహపు పలకల మధ్య పట్టుకుంటుంది. లోహం నేరుగా గాజుకు తగలకుండా మధ్యలో పలచని గ్యాస్కెట్ ఉంటుంది. రోజూ తడిసి ఆరి, తలుపు తీసి వేసిన ఊపుకు స్క్రూలు కొద్దిగా వదులైతే గాజు ఆ పట్టులోంచి కిందికి జారుతుంది. జారేది రెండు మిల్లీమీటర్లే అయినా ఫలితం అక్కడితో ఆగదు.

ఆ ఇంట్లో నీళ్లు ఎప్పుడూ హ్యాండిల్ వైపు అడుగు మూలలోనే కారేవి. అదే మొదటి ఆధారం. తలుపు మూసి, దానికీ పక్కనున్న కదలని గాజుకూ మధ్య సందును స్కేలుతో కొలిస్తే పైన 3 మిల్లీమీటర్లు, అడుగున 8 మిల్లీమీటర్లు వచ్చింది. బిగించిన రోజున అది పైనుంచి కింద దాకా ఒకే కొలత అయి ఉండాలి. హింజ్ లేని అంచు రెండు మిల్లీమీటర్లు దిగితే తలుపు మొత్తం ఆ వైపు ఒరుగుతుంది. వెడల్పు కంటే ఎత్తు రెండు రెట్లకు పైగా ఉంది కాబట్టి ఆ ఒరుగు నిలువు సందులో అయిదు మిల్లీమీటర్ల తేడాగా తేలుతుంది. అంటే పైన గాజులు దగ్గరికొస్తాయి, అడుగున దూరమవుతాయి. నిలువు పట్టీ అడుగున గాజును అందుకోలేదు. అడుగు పట్టీ ఏమో గట్టుకు గట్టిగా రాసుకుని, తలుపు తీసినప్పుడల్లా మడతపడి చివర పైకి లేస్తుంది. ఒకే మూలలో రెండు దార్లు తెరుచుకున్నాయి. ఎన్ని కొత్త పట్టీలు వేసినా ఆ మూల మూసుకోదు.

సరిచేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. తలుపు మూసి, హ్యాండిల్ వైపు అడుగున పలచని చెక్క ముక్కలు దూర్చి, సందు పైనా కిందా సమానమయ్యే దాకా ఎత్తాలి. బరువు చెక్క మీద ఆనాకే హింజ్ పలక స్క్రూలను అలెన్ కీతో కొద్దిగా వదులు చేసి, గాజు సర్దుకున్నాక ఒక్కో స్క్రూను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. ఒకే స్క్రూను ఒక్కసారి పూర్తిగా బిగిస్తే పలక వంకరగా నొక్కుతుంది. గ్యాస్కెట్ గట్టిపడి పగిలి ఉంటే మార్చాలి. దానికి తలుపు ఊడదీయాలి కాబట్టి గాజు పనివాళ్లను పిలవడం మంచిది. హింజ్ గోడ దగ్గరే ఊగుతుంటే అది గోడలోని ప్లగ్గుల సమస్య. అదీ పనివాళ్లదే. టఫెన్డ్ గాజు ముఖం మీద దెబ్బ తట్టుకుంటుంది గానీ మూల టైలుకు తగిలితే మొత్తం పెసరగింజలంత ముక్కలవుతుంది. తలుపు ఊడదీస్తే దుప్పటి మడత మీదో, చెక్క మీదో ఆనించండి. ఒకసారి టఫెన్ చేసిన గాజును తర్వాత కోయలేరు, రంధ్రం వేయలేరు.

జరిపే తలుపుల్లో ఇదే కథ రోలర్ల దగ్గర జరుగుతుంది. పై పట్టాలో నడిచే చక్రాల బేరింగ్‌లలో మన బోరు నీటి ఉప్పు పేరుకుంటుంది. చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది, ఒక పక్క అరిగి చదునవుతుంది. తలుపు కటకటమంటుంది, ఆ వైపు దిగుతుంది. చాలా రోలర్లకు మధ్య నుంచి పక్కకు జరిగిన ఇరుసు ఉంటుంది. ఆ స్క్రూను తిప్పితే తలుపు ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. అప్పటికీ కుదరకపోతే రోలర్లు మార్చాల్సిందే. దుకాణానికి పాత రోలర్ పట్టుకెళ్లండి. చక్రం వ్యాసం, గాజు రంధ్రం సైజు, రెండు రంధ్రాల రోలర్ అయితే వాటి మధ్య దూరం, ఈ కొలతలు కలవకపోతే కొత్తది ఎక్కదు. ఒక తలుపువన్నీ ఒకేసారి మార్చండి. కొత్త చక్రం పక్కన అరిగినది ఉంటే తలుపు మళ్లీ వంకరే.

తలుపు నిటారుగా నిలిచాకే పట్టీ కొనాలి. పట్టీ గాజు మందాన్ని బట్టి వస్తుంది. 8 మిల్లీమీటర్ల గాజుకు 10ది వేస్తే జారిపోతుంది, 6ది ఎక్కదు. గాజు అడుగుకూ గట్టుకూ మధ్య ఖాళీని కొలిచి, రెక్క గట్టును అలా తాకేంత పొడవున్నది తీసుకోండి. నొక్కుకునేంత పొడవైతే మళ్లీ మడతే. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది. జిగురు అక్కర్లేదు, సిలికాన్ అసలే వద్దు. టాయిలెట్ కడిగే ఆసిడ్ వీటికి తగలనివ్వకండి. క్రోమ్ పూత పోతుంది, పట్టీ పెళుసవుతుంది. స్నానమయ్యాక గాజునూ పట్టీనీ ఒకసారి తుడిస్తే ఉప్పు పేరుకోదు.

ఆ తర్వాత కూడా తడి కనిపిస్తే ఊహించకండి, పరీక్షించండి. బయటి నేలా గాజూ పొడిగా తుడిచి, సందుల వెంట బయటి వైపు టిష్యూ ముక్కలు అంటించండి. లోపల ఒకరు నిలబడి హ్యాండ్ షవర్‌ను అడుగు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి తీసుకెళ్లాలి. మొదట తడిసిన ముక్కే చోటు చెబుతుంది. ఏ ముక్కా తడవకుండా కొంతసేపటికి నేల చెమర్చిందంటే నీళ్లు గట్టు కింద నుంచి, టైళ్ల కీళ్ల నుంచి వస్తున్నాయన్నమాట. గట్టు పైభాగం బయటికి వాలి ఉన్నా, లోపలి నేల జాలి వైపు వాలకపోయినా అంతే. దానికి పిలవాల్సింది టైల్స్ మేస్త్రీని.