ఒక్క పిక్కే వాచిందా? రుద్దకండి, ముందు టేపు తియ్యండి

ఈ రోజు ఎపిసోడ్ మా రూమ్మేట్ కాలు గురించి. వాడి పర్మిషన్ తీసుకునే చెబుతున్నాను. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. కానీ ఆ రోజు వీడియో కాల్‌లో నేనూ ఉన్నాను.

వాడికి 27 ఏళ్లు. షటిల్ ఆడుతూ కుడి మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు, ఆపరేషన్ అయింది. మూడు వారాల తర్వాత సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ బస్సెక్కాడు. దాదాపు 12 గంటలు సీట్లోనే. కాలు నొప్పి అని మధ్యలో దిగలేదు, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా సరిగ్గా తాగలేదు.

ఇంటికెళ్లిన రెండో రోజు ఫోన్. "పిక్క పట్టేసింది రా, అమ్మమ్మ నూనె కాస్తోంది" అన్నాడు. మా అక్క ఫిజియోథెరపిస్ట్, పక్కనే ఉంది. ఫోన్ లాక్కుని, "తమ్ముడూ, ఆ కాలు ఎవ్వరినీ రుద్దనివ్వకు. ఇంట్లో టైలర్ టేపు ఉందా?" అని అడిగింది.

అక్కకి డౌట్ ఎందుకొచ్చిందంటే... పిక్క పట్టేయడం అనేది ఉన్నట్టుండి వస్తుంది, కాసేపట్లో వదిలేస్తుంది. వీడికి ముందు రోజు నుంచి బరువుగా ఉంది, నడిస్తే ఎక్కువవుతోంది. బస్సులో కూర్చుంటే చాలామందికి పాదాలు వాస్తాయి. కానీ అది మామూలుగా రెండు కాళ్లకీ వస్తుంది, పడుకుని లేచేసరికి తగ్గుతుంది. వీడికి ఒక్క కాలే వాచింది, తెల్లారినా తగ్గలేదు.

"ఆపరేషన్ అయిన కాలు వాయదా మరి?" అని మీరు అడగొచ్చు. వాస్తుంది. కాకపోతే రోజురోజుకీ తగ్గాలి. తగ్గుతూ వచ్చిన వాపు మళ్లీ పెరిగినా, కుట్లకి దూరంగా పిక్కలో కొత్తగా బిగుతు, నొప్పి వచ్చినా తేడాగా చూడాలి. చర్మం ఎర్రబడుతుంది అంటారు గానీ, మన చామనఛాయలో అది సరిగ్గా కనిపించకపోవచ్చు. అరచేతి వెనక వైపుతో రెండు పిక్కలూ తాకి చూడండి, ఒకటి వేడిగా ఉందేమో.

ఇప్పుడు టేపు సంగతి. మోకాలి చిప్ప కింద, ముందు వైపు చేతికి ఒక ఎముక బొడిపె తగులుతుంది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి, పిక్క చుట్టూ కొలవాలి. రెండో కాలికీ సరిగ్గా అదే ఎత్తులో. తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని ఒక ముఖ్యమైన గుర్తుగా లెక్కేస్తారు. వాడికి ఎడమ 36, కుడి 40. అయితే ఒక్క మాట: తేడా రాలేదు కదా అని ఊరుకోకూడదు. మిగతా లక్షణాలుంటే కొలత మామూలుగా ఉన్నా చూపించుకోవాల్సిందే.

లోపల జరిగేది ఇది. కాళ్లలో రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరం పంపులా పిండాలి. కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగినట్టే. పైగా ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. రెండూ కలిస్తే లోతుగా ఉండే సిరలో గడ్డ తయారవ్వచ్చు. దీన్నే డీప్ వెయిన్ థ్రాంబోసిస్, డీవీటీ అంటారు. అందులోంచి ముక్క ఊడితే గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఇరుక్కుంటుంది. ప్రాణం పోవచ్చు. అమ్మమ్మ నూనె వద్దన్నది అందుకే.

వాణ్ణి ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాప్లర్ స్కాన్ చేశారు. ఇందులో సూదులేవీ ఉండవు. ప్రోబ్‌తో సిరని నొక్కుతారు, మామూలు సిర అయితే అణిగిపోతుంది, గడ్డ ఉంటే అణగదు. మోకాలి వెనక సిర అణగలేదు. డీ-డైమర్ అనే రక్తపరీక్ష కూడా ఉంది గానీ, ఆపరేషన్ అయినవాళ్లకి అది ఎలాగూ ఎక్కువే చూపించొచ్చు. అందుకని వీడికి నేరుగా స్కాన్‌కే వెళ్లారు.

గడ్డ పెరగకుండా మందు మొదలుపెట్టారు. ఆ మందు గడ్డని కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. కరిగించుకునే పని మెల్లగా శరీరమే చేసుకుంటుంది. సాధారణంగా కనీసం మూడు నెలలు వాడాలి, నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ దీనికి బదులు కాదు.

చివరగా ఒకటి. కాలు వాచినా వాయకపోయినా, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా కొలతలు, గూగుల్ అన్నీ పక్కన పెట్టి 108కి కొట్టండి.

వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. మొన్న మళ్లీ వైజాగ్ వెళ్లాడు. ఈసారి బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగడుగులు వేశాడట. మీ ఇంట్లో ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లుంటే, ఈ రాత్రి ఫోన్ చేసి పిక్కలు ఎలా ఉన్నాయో అడగండి. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.