మీ ముఖం ఎరగనివాళ్లు చదివే నోట్‌బుక్

మా జీవరసాయన ప్రయోగశాలలో పరిశోధనకు చేరినవాళ్లకు మొదటిరోజే పేజీలకు నంబర్లు వేసిన ఒక గట్టి అట్ట పుస్తకం ఇస్తాం. ల్యాబ్ నోట్‌బుక్ అంటే అదే. అందులో ఎలా రాయాలో చెప్పే పని నాది. ఈ ఏడాది విద్యార్థులతో నేను అన్న మాటలివి.

మీరు పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాక, మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఇంకొకరు ఈ పుస్తకం తెరిచి, మీకు ఫోన్ చేయకుండా అదే ప్రయోగం చేయగలగాలి. మీలో ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘ట్రిస్ బఫర్, 50 మిల్లీమోలార్, పీహెచ్ 8.0. ప్రొటీన్‌ని కాలమ్ గుండా పంపాను. బాగా వచ్చింది.’ చూడ్డానికి లోటేమీ కనిపించదు. కానీ ఈ మూడు వాక్యాలు నమ్ముకున్నవాళ్లు రెండు నెలలు తిప్పలు పడొచ్చు.

బఫర్ అంటే ఆమ్ల, క్షార గుణాలు అటూ ఇటూ పోకుండా నిలిపి ఉంచే ద్రావణం. ఆ స్థాయిని చెప్పే అంకె పీహెచ్. ట్రిస్‌తో చిక్కేమిటంటే, అది చల్లబడేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసిన బఫర్‌ని 4 డిగ్రీల కోల్డ్ రూములో పెడితే దాదాపు 8.6 అవుతుంది. మన ఎండాకాలంలో, ఏసీ పనిచేయని గదిలో 32 డిగ్రీల దగ్గర సరిచేస్తే 8.8 దాకా పోతుంది. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా అనుకోకండి. అది మీటర్ లెక్కనే సవరిస్తుంది. బఫర్‌లో నిజంగా వచ్చే మార్పుని ఆపలేదు.

ఇప్పుడు కాలమ్ సంగతి చూడండి. అందులోని పూసలకు ధనావేశం ఉందనుకుందాం. రుణావేశం ఉన్న ప్రొటీన్లు వాటికి అతుక్కుంటాయి. మన ప్రొటీన్ నికర ఆవేశం సున్నా అయ్యేది పీహెచ్ 8.3 దగ్గర అనుకోండి. ముందు చేసిన విద్యార్థి కోల్డ్ రూములోనే కూర్చుని బఫర్ సరిచేశాడు. అక్కడ పీహెచ్ నిజంగానే 8.0. ప్రొటీన్ ధనావేశంతో, పూసలకు అతుక్కోకుండా కిందికి వచ్చేసింది. తర్వాత వచ్చిన అమ్మాయి మామూలు గదిలో సరిచేసి, ఆ సీసాని కోల్డ్ రూములోకి తీసుకెళ్లింది. అక్కడ పీహెచ్ 8.6. ప్రొటీన్ రుణావేశంతో పూసలకు అతుక్కుపోయింది. కిందికి దిగిన ద్రావణంలో ఎంత వెతికినా దొరకదు. ఉప్పు గాఢత పెంచి కాలమ్‌ని కడిగితే అప్పుడు బయటపడుతుంది. కారణం తేలాలంటే మీటర్‌ని కోల్డ్ రూములోకే తీసుకెళ్లి, అక్కడే క్యాలిబ్రేట్ చేసి, బఫర్‌ని మళ్లీ కొలవాలి.

ఆ పేజీలో ఉండాల్సింది ఇది: ‘ట్రిస్ బేస్ 6.06 గ్రాములు తూచాను (తూకంలో చూపింది 6.07). 800 మిల్లీలీటర్ల నీటిలో కరిగించాను. కోల్డ్ రూములో 4 డిగ్రీలకు చల్లార్చి, అక్కడే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 8.0కి తెచ్చి, లీటరుకి నింపాను.’ దాంతోపాటు సీసా మీది లాట్ నంబరు. కావాల్సిన బరువూ, తూకం చూపిన బరువూ రెండూ రాయడం చాదస్తం కాదు. ఒకటి మీ ఉద్దేశం, రెండోది జరిగింది. ‘బాగా వచ్చింది’ అన్న మాట తీసేసి, ఏ గొట్టంలో ఎంత ప్రొటీన్ వచ్చిందో రాయండి.

రాత ప్రయోగం జరుగుతుండగానే సాగాలి. సాయంత్రం హాస్టల్లో కూర్చుని రాస్తే, జరిగింది కాకుండా జరగాల్సింది కాగితం మీదికి వస్తుంది. ఇంకు పెన్నే వాడండి. తప్పుపడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, తేదీ వేయండి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. అదే ఒప్పని తర్వాత తేలిన సందర్భాలున్నాయి.

ఇది కొత్తవాళ్లకే వచ్చే ఇబ్బంది అనుకోకండి. అమెరికాలో బర్కిలీలోని మీనా బిస్సెల్ బృందం, బోస్టన్‌లోని కార్నీలియా పోల్యాక్ బృందం కలిసి రొమ్ము కణజాలం నుంచి కణాలను విడదీసే పని చేశాయి. ఇద్దరూ ఆరితేరినవాళ్లే. అయినా రెండుచోట్లా ఫలితాలు కలవలేదు. యంత్రాలు, రసాయనాలు అన్నీ సరిచూసుకున్నారు. చివరికి రెండు ల్యాబుల మనుషులు పక్కపక్కన నిలబడి చేస్తే తేలింది: కణజాలాన్ని ఒకరు జోరుగా కొద్ది గంటలు కలుపుతున్నారు, ఇంకొకరు నెమ్మదిగా చాలాసేపు తిప్పుతున్నారు. 2014లో వాళ్లే ఈ సంగతిని పరిశోధన పత్రంగా ప్రచురించారు. కలపడం అందరూ చేసేదే కదా, దాని గురించి రాసేదేముంది అనిపిస్తుంది. చెయ్యి అలవాటుగా చేసేసే పనులే పేజీలోకి రాకుండా జారిపోతాయి. అందుకే కలిపితే ఎంత వేగంతో, ఎంతసేపు, ఏ పాత్రలో అన్నది రాయమంటాను.

నెలకోసారి మీ పుస్తకాలు ఒకరివి ఒకరు మార్చుకోవాలి. పక్కవాళ్ల పేజీ ముందు పెట్టుకుని, వాళ్లని ఏమీ అడగకుండా ఒక బఫర్ తయారుచేయండి. అడగక తప్పలేదనిపించిన ప్రశ్నల్ని ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాయండి. పుస్తకం ఎవరిదో వాళ్లు జవాబుల్ని ఇంకుతో, ఆనాటి తేదీ వేసి చేర్చాలి. మొదటి మార్పిడి ఈ నెలాఖరునే.