ప్లీ బార్గెయినింగ్: ఒప్పుకుంటే కేసు పోతుందా?

నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి విచారణ ముగిసేదాకా ఆగకుండా తప్పు ఒప్పుకోవడానికి ముందుకొచ్చి, బాధితుడికి పరిహారం కట్టి, తక్కువ శిక్షతో కేసు ముగించుకునే పద్ధతిని ప్లీ బార్గెయినింగ్ అంటారు. మన దేశంలో ఇది 2006 జూలై 5 నుంచి అమల్లో ఉంది. మొదట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 21-ఎ అధ్యాయంగా చేరింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 289 నుంచి 300 వరకు సెక్షన్లు దీనికి ఆధారం. ఇరవై ఏళ్లు కావస్తున్నా కోర్టుల్లో దీని వాడకం చాలా తక్కువ. జనంలో ఉన్న అవగాహన ఎక్కువగా అమెరికా సినిమాల నుంచి, స్టేషన్ల దగ్గర వినిపించే రాజీ మాటల నుంచి వచ్చినది.

అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకోవచ్చు. పటమట పక్కన ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేసే 23 ఏళ్ల కుర్రాడు, పట్టపగలు తలుపులు తెరిచి ఉన్న పక్క గోడౌన్‌లోకి వెళ్లి రెండు లారీ బ్యాటరీలు ఎత్తుకుపోయాడు. మరుసటి రోజే దొరికాడు. బ్యాటరీలూ దొరికాయి. అంతకుముందు అతని మీద ఏ కేసూ లేదు.

అపోహ: ఇది పోలీస్ స్టేషన్‌లోనే తేల్చుకునే రాజీ.

స్టేషన్‌లో జరిగే ఏ ఒప్పందమూ ప్లీ బార్గెయినింగ్ కాదు. దర్ఖాస్తు పెట్టాల్సింది ముద్దాయి, అదీ కేసు విచారణలో ఉన్న కోర్టులోనే. కోర్టు అభియోగాలు నమోదు చేసిన రోజు నుంచి 30 రోజుల్లోపు పెట్టుకోవాలి. పాత కోడ్‌లో లేని ఈ గడువు కొత్త చట్టంతో వచ్చింది. లాయరు లేని ముద్దాయికి ఈ నెల రోజులు తెలియకుండానే గడిచిపోయే ప్రమాదం ఉంది.

దర్ఖాస్తులో కేసు వివరం క్లుప్తంగా రాసి, ప్రమాణపత్రం జతచేయాలి. ఈ నేరానికి చట్టంలో ఎంత శిక్ష ఉందో తెలుసుకున్నానని, ఇష్టపూర్వకంగానే వచ్చానని, ఇదే నేరంలో ఇంతకుముందు తనకు శిక్ష పడలేదని ముద్దాయి అందులో చెప్పాలి. ఆ తర్వాత మేజిస్ట్రేటు అతన్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ప్రాసిక్యూటరు గానీ ఫిర్యాదుదారు గానీ అప్పుడు అక్కడ ఉండకూడదు. ఎవరైనా బెదిరించారా, ఆశపెట్టారా అన్నది తేల్చుకోవడానికే ఈ ఏర్పాటు. భయపెట్టి సంతకం చేయించుకుని ఉంటే చెప్పాల్సిన చోటు ఇదే. ఇష్టపూర్వకం కాదని తేలితే దర్ఖాస్తు అక్కడితో ఆగిపోయి, కేసు మామూలుగా నడుస్తుంది.

ఇష్టపూర్వకమేనని తేలితే ఇరుపక్షాలు మాట్లాడుకోవడానికి కోర్టు 60 రోజులకు మించని గడువిస్తుంది. ఆ సమావేశానికి ప్రాసిక్యూటరు, దర్యాప్తు చేసిన పోలీసు అధికారి, ముద్దాయి, అతని లాయరు, బాధితుడు వస్తారు. మన ఉదాహరణలో గోడౌన్ యజమాని అడిగేది వ్యాపారంలో నష్టం, కోర్టుకు తిరిగిన ఖర్చు కావచ్చు. కుదిరిన ఒప్పందాన్ని నివేదికగా రాసి, అందరూ సంతకాలు చేస్తారు. మేజిస్ట్రేటూ చేస్తారు.

అపోహ: చిన్న దొంగతనమైతే చాలు, ఎవరైనా అడగవచ్చు.

పోయిన వస్తువు ఎంత ఖరీదైనదన్నది లెక్క కాదు. పోలీసులు పెట్టిన సెక్షన్‌కు గరిష్ఠంగా ఎంత శిక్ష ఉందన్నదే లెక్క. అది ఏడేళ్లు దాటకూడదు. సరుకు దాచే భవనంలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కాబట్టి మన కుర్రాడు సరిగ్గా గీత మీద ఉన్నాడు. అవే బ్యాటరీలను అతను రాత్రిపూట తాళం పగలగొట్టి తీసుకుని ఉంటే 331వ సెక్షన్ వచ్చి చేరుతుంది. దొంగతనం కోసం రాత్రివేళ అలా చొరబడితే గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. అప్పుడు ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది. అందుకే చార్జిషీటు చేతికి రాగానే మొదట చూడాల్సింది సెక్షన్ల నంబర్లు.

మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు ఇది వర్తించదు. దేశ సామాజిక, ఆర్థిక పరిస్థితులను దెబ్బతీసేవిగా కేంద్రం ప్రకటించిన చట్టాల కింది నేరాలకూ వర్తించదు. వరకట్న నిషేధ చట్టం, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆ జాబితాలో ఉన్నాయి. గోడౌన్ యజమాని మహిళ అయితే ప్రాసిక్యూషన్ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది కాబట్టి ఆ సంగతి ముందే చూసుకోవాలి.

అపోహ: పరిహారం కట్టి ఒప్పుకుంటే కేసు కొట్టేస్తారు.

జనాన్ని ఎక్కువగా దెబ్బతీసే అపోహ ఇదే. లోక్ అదాలత్‌లోనో కోర్టులోనో ఇరుపక్షాలు రాజీపడి ముగించుకునే కేసు వేరు. చట్టం రాజీకి వీలిచ్చిన నేరాల్లో అలా ముగిస్తే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. ప్లీ బార్గెయినింగ్‌లో మాత్రం అతను దోషి అవుతాడు. శిక్ష తగ్గుతుందే తప్ప దోషి అన్న తీర్పు పోదు.

అందువల్ల రాజీకి వీలున్న కేసులో ప్లీ బార్గెయినింగ్‌కు వెళ్లడం నష్టం. ఆ బ్యాటరీలు గోడౌన్ లోపల కాక బయట ఖాళీ స్థలంలో ఉండి ఉంటే, అది 303వ సెక్షన్ కింద మామూలు దొంగతనం. అందులో వస్తువు యజమాని ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. లోపలి నుంచి తీస్తే 305, అందులో రాజీకి వీల్లేదు. వస్తువు ఎక్కడి నుంచి పోయిందన్న ఒక్క వాస్తవం మీద ఆ కుర్రాడు నిర్దోషిగా బయటపడతాడా, దోషిగానా అన్నది ఆధారపడి ఉంది. పంచనామాలో ఆ చోటును ఎలా రాశారో లాయరు చదివి చూడాలి. అభియోగాలు నమోదయ్యే ముందే అభ్యంతరం చెప్పాలి.

దోషి అన్న తీర్పు ప్రభుత్వోద్యోగ దరఖాస్తులో చెప్పాల్సి వస్తుంది. దాచిపెడితే ఆ దాచడమే ఉద్యోగానికి ముప్పు. కృష్ణా డెల్టా నుంచి చదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు వెళ్లేవారు ఎక్కువ కాబట్టి వీసా సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికా వలస చట్టం దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనానికి సంబంధించిన నేరంగా చూస్తుంది. చిన్న నేరానికి ఒక మినహాయింపు ఉన్నా, అది గరిష్ఠ శిక్ష ఏడాది దాటని నేరానికే. ఏడేళ్ల సెక్షన్ కింద దోషి అయినవారికి ఇక్కడ పడిన అసలు శిక్ష ఎంత చిన్నదైనా ఆ మినహాయింపు అందదు. అమెరికాలోనే చిన్న కేసులో ఇరుక్కున్న తెలుగు విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించివేసే ప్రమాదం ఉందని లాయరు తన కక్షిదారుకు చెప్పి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది.

అపోహ: ఒప్పుకుంటే శిక్ష తగ్గి తీరుతుంది.

చట్టం ఒక వరుస చెప్పింది. మొదట పరిహారం. తర్వాత, మందలించి గానీ మంచి నడవడికకు బాండు రాయించుకుని గానీ వదిలేయవచ్చా అని కోర్టు చూడాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఇందుకు వీలిస్తుంది. అది కుదరనప్పుడే జైలు లెక్క వస్తుంది. కనీస శిక్ష ఉన్న నేరమైతే అందులో సగం, తొలిసారి నేరం చేసినవారికైతే నాలుగో వంతు వేయవచ్చు. కనీస శిక్ష లేని నేరమైతే చట్టంలోని శిక్షలో నాలుగో వంతు, తొలిసారివారికి ఆరో వంతు.

మన కుర్రాడికి ఏడేళ్లలో, అంటే 84 నెలల్లో, ఆరో వంతు 14 నెలలు. ఇది నిజంగా తగ్గింపేనా? ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు పూర్తి విచారణ చేసి శిక్షించినా మూడేళ్లకు మించి జైలు వేసే అధికారం లేదు. వస్తువు దొరికిన తొలి దొంగతనానికి మూడేళ్లు వేస్తారనుకోవడం కూడా కష్టం. నేరం రుజువైనా ప్రొబేషన్ అడిగే హక్కు అతనికి ఎలాగూ ఉంది. కాబట్టి 14 నెలల మాట విని సంబరపడి సంతకం పెడితే, విచారణలో పడే శిక్షకంటే ఎక్కువే నెత్తిన వేసుకోవచ్చు. అతనికి ఈ బేరంలో నిజమైన లాభం ప్రొబేషన్ దొరికినప్పుడే. లాయరు వాదించాల్సిందీ దానికోసమే. ప్రొబేషన్ ఇస్తే ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు వర్తించవని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అయితే దోషి అన్న నిర్ధారణ అప్పుడూ చెరిగిపోదు.

అప్పటికే జైల్లో గడిపిన రోజులు శిక్షలోంచి తీసేస్తారు. జామీనుదారులు దొరకక జైల్లో ఉన్నవాడికి ఇది పెద్ద ఆకర్షణ. అక్కడే పెద్ద ప్రమాదం కూడా ఉంది. నేరం చేయనివాడు సైతం ఇంటికి పోవచ్చన్న ఆశతో ఒప్పుకుంటాడు. అలాంటివాడికి కావలసింది బెయిలు షరతుల సడలింపు, ప్లీ బార్గెయినింగ్ కాదు.

అపోహ: తీర్పు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

ఈ తీర్పు మీద మామూలు అప్పీలు లేదు. రాజ్యాంగం ప్రకారం హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్ మాత్రమే మిగులుతాయి. ఇది ముద్దాయికి రక్షణ కూడా. పాత రోజుల్లో తక్కువ శిక్ష ఆశచూపి నేరం ఒప్పించడం, పైకోర్టు ఆ శిక్ష పెంచడం జరిగేవి. అలా పెంచడం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమని తిప్పస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు శిక్ష చాలలేదంటూ ప్రభుత్వం మామూలు అప్పీలు వేయడానికి కూడా వీల్లేదు.

అపోహ: బేరం చెడితే ఒప్పుకున్న మాటే సాక్ష్యమవుతుంది.

కాదు. దర్ఖాస్తులో ముద్దాయి చెప్పిన మాటలను ఈ ప్రక్రియకు తప్ప మరి దేనికీ వాడకూడదని 299వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఒప్పందం కుదరకపోతే కేసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగుతుంది, నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది.

దర్ఖాస్తు మీద సంతకం చేసే ముందు ముద్దాయి గానీ ఇంటివాళ్లు గానీ లాయరును మూడు సంగతులు అడగాలి: ఈ సెక్షన్‌లో రాజీకి వీలుందా, ప్రొబేషన్ అడుగుతున్నామా, అభియోగాలు నమోదై ఎన్ని రోజులైంది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100.