టాన్సిల్స్ మీద తెల్లమచ్చలు: ఫోటో ఎంతవరకు చెబుతుంది?

పిల్లకు గొంతు నొప్పి అనగానే ఇప్పుడు చాలా ఇళ్లలో నోరు తెరిపించి, సెల్‌ఫోన్ లైటు వేసి ఫోటో తీస్తున్నారు. ఎర్రగా ఉబ్బిన టాన్సిల్స్ మీద తెల్లచుక్కలు కనిపిస్తే చాలు, 'చీము పట్టింది, యాంటీబయాటిక్ పడాల్సిందే' అని తేల్చేసి మందుల షాపుకు వెళ్తారు. తొందరపాటు ఇక్కడే జరుగుతుంది.

టాన్సిల్ పైభాగం నున్నగా ఉండదు, దాని నిండా చిన్నచిన్న గుంటలుంటాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలు, ఊడిపోయిన పైపొర కణాలు ఆ గుంటల్లో పేరుకుంటే తెల్లగానో పసుపుగానో కనిపిస్తాయి. పోరాటం వైరస్‌తోనా బ్యాక్టీరియాతోనా అన్నది ఆ రంగులో తెలియదు. జ్వరం, నొప్పి ఏమీ లేకుండా నోటి దుర్వాసనతో పాటు గట్టి తెల్లపలుకులు కనిపిస్తే అవి గుంటల్లో చేరిన టాన్సిల్ రాళ్లు కావచ్చు. ఒక్కోసారి ఫ్లాష్ వెలుగు పడి మెరిసిన ఉమ్మి కూడా ఫోటోలో మచ్చలాగే ఉంటుంది.

ఇద్దరిని ఊహించుకుందాం. ఎనిమిదేళ్ల పాపకు నిన్నటి నుంచి 102 జ్వరం. గుటక వేస్తే ఏడుస్తోంది. దగ్గు, జలుబు లేవు. దవడ కింద, మెడ ముందువైపు బిళ్లలు ముట్టుకుంటే నొప్పి. టాన్సిల్స్ మీద తెల్లచుక్కలు. రెండో మనిషి పంతొమ్మిదేళ్ల డిగ్రీ విద్యార్థి. అతని టాన్సిల్స్ మీదా తెల్లటి పూత ఉంది, జ్వరమూ ఉంది. ఫోటోలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. కానీ ఇతనికి వారం దాటినా మంచం దిగలేనంత నీరసం, మెడ వెనకవైపు కూడా బిళ్లలు.

పాప విషయంలో డాక్టరు మొదట అనుమానించేది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను. అమెరికా వైద్యుడు రాబర్ట్ సెంటర్ బృందం 1981లో ఇందుకు నాలుగు గుర్తులు చెప్పింది: జ్వరం, దగ్గు లేకపోవడం, మెడ ముందువైపు నొప్పిగా ఉన్న బిళ్లలు, టాన్సిల్స్ మీద తెల్లపూత. తెల్లమచ్చలు ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. మిగతా మూడూ ఫోటోకు అందవు. బడి వయసు పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ కాబట్టి తర్వాత వయసునూ లెక్కలోకి తీసుకున్నారు. పాపకు అన్నీ సరిపోయాయి. అయినా ఇలా నాలుగూ ఉన్నవాళ్లలో స్ట్రెప్ నిజంగా తేలేది సుమారు సగం మందికే. అందుకే గొంతులో దూది పుల్ల తిప్పి తీసిన నమూనాతో ర్యాపిడ్ టెస్టో కల్చరో చేయిస్తారు. జలుబు, దగ్గు, బొంగురు గొంతు, ఎర్రబడిన కళ్లు తోడైతే మొగ్గు వైరస్ వైపే.

ఆ విద్యార్థిది ఎప్‌స్టీన్-బార్ వైరస్ కావచ్చు. షాపులో అడిగి అమాక్సిసిలిన్ వేసుకుంటే కొన్నాళ్లకు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు తేలవచ్చు. ఈ వైరస్ ఉన్నప్పుడు ఆ మందుతో అలా జరగడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. పైగా వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇతనికి కావాల్సింది విశ్రాంతి, జ్వరానికి మందు. ప్లీహం వాచే అవకాశం ఉంది కనుక డాక్టరు సరేననేదాకా కబడ్డీలాంటి ఆటలకు దూరంగా ఉండాలి.

స్ట్రెప్ అని తేలితే మాత్రం మందు మానకూడదు. గొంతు నొప్పి దానంతటదే తగ్గినా, కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. మన దేశంలో ఈ జబ్బు ఇంకా పోలేదు. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు సరైన యాంటీబయాటిక్ మొదలుపెడితే ఈ ముప్పును ఆపవచ్చు. అంటే పరీక్ష ఫలితం కోసం ఒకటి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ మాత్రలు సాధారణంగా పది రోజులు రాస్తారు. మూడో రోజుకే పాప ఆడుకుంటోందని ఆపేస్తే బ్యాక్టీరియా గొంతులో మిగిలిపోవచ్చు.

ఫోటో చూసి అస్సలు ఆగకూడని సందర్భం ఒకటుంది. చుక్కలుగా కాకుండా బూడిదరంగు పొర అతుక్కుని, టాన్సిల్ దాటి కొండనాలుక వైపు పాకుతుంటే అది డిఫ్తీరియా కావచ్చు. టీకాలు పూర్తిగా పడని పిల్లల్లో ఇది ఇప్పటికీ వస్తోంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి డాక్టర్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. ఆ పొరను గీకితే రక్తం వస్తుంది, ఇంట్లో ఆ ప్రయత్నం చేయకండి. పొర కనిపించినా, మెడ బాగా వాచినా, ఊపిరి కష్టమైనా, నోరు తెరవలేకపోతున్నా, ఉమ్మి కూడా మింగలేకపోతున్నా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.