ఆల్ఫా కణం ఆగిన చోటు

1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలితే, ఏ కొన్నో వెనక్కి మళ్లాయి. కేంద్రకానికి ఎదురుగా దూసుకెళ్లిన కణం, వెనుదిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఎంత దూరంలో?

శక్తి నిత్యత్వం చాలు. దూరాన ఉన్న గతిశక్తి అంతా ఆగిన చోట విద్యుత్ స్థితిశక్తిగా మారి ఉంటుంది. కణం శక్తి 7.7 MeV, దాని ఆవేశం 2, బంగారానిది 79 అనుకుందాం. ఫెర్మీలలో (మీటరులో వెయ్యి లక్షల కోట్లవ వంతు ఒక ఫెర్మీ) లెక్క ఇది:

d = 1.44 × 2 × 79 / 7.7 ≈ 30

ఇది కేంద్రక వ్యాసార్థం కాదు, దాని గరిష్ఠ హద్దు మాత్రమే. కణం అసలు కేంద్రకాన్ని తాకనే లేదు.

అసలు వ్యాసార్థానికి R = 1.2 A^(1/3) ఫెర్మీలు అనే సూత్రం ఉంది. A అంటే ద్రవ్యరాశి సంఖ్య. ఘనమూలం ఎందుకంటే, ప్రోటాన్లు, న్యూట్రాన్లు దాదాపు ఒకే సాంద్రతతో కూరుకుని ఉంటాయి. సంఖ్యతో పాటు పెరిగేది ఘనపరిమాణం. బంగారానికి A 197, కాబట్టి R సుమారు 7.

అల్యూమినియం కథ వేరు. ఆవేశం 13 మాత్రమే కావడంతో, కేంద్రకం వెనక్కి జరగడాన్ని లెక్కలోకి తీసుకున్నా d సుమారు 5.6. దాని R 3.6, ఆల్ఫా కణానిది మరో 1.9. రెండూ దాదాపు తాకుతున్నాయి! అక్కడ కేంద్రక బలం జోక్యం చేసుకుని రూథర్‌ఫర్డ్ సూత్రం తప్పుతుంది. 1920లలో ప్రయోగాలు ఆ తేడాను నిజంగానే చూపించాయి.